నాలుగు గంటల మీటింగు, మూడు పేరాల మోక్షం

మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగు నాలుగు గంటలు సాగింది. సెక్రటరీగారు ఆధునికులు. మినిట్స్ చేత్తో రాయడం ఆయనకి నామోషీ. రికార్డింగుని అక్షరాల్లోకి మార్పించి ఏఐ నోట్లో పెట్టారు. అది మింగలేకపోయింది. ఇంగ్లీషుకంటే తెలుగుని చాలా మోడళ్లు ఎక్కువ టోకెన్లుగా, అంటే చిన్న చిన్న తునకలుగా తరుగుతాయి, ఒక్కసారికి అవి చదవగలిగే మేర, అదే కాంటెక్స్ట్ విండో, ఇట్టే నిండిపోతుంది. సరేనని మీటింగుని పన్నెండు ముక్కలు చేశారు.

పద్ధతి సులువే. మొదటి ముక్కకి సారాంశం రాయించాలి. ఆ సారాంశానికి రెండో ముక్క జోడించి కొత్త సారాంశం, దానికి మూడో ముక్క, అలా చివరిదాకా. దీన్ని రోలింగ్ సమ్మరీ అంటారు. నేనైతే మజ్జిగ అంటాను. చివరి ముక్క చిక్కటి పెరుగులా ఉంటుంది. మొదటి గంట మాటల్లో మాత్రం పదకొండు సార్లు నీళ్లు పడతాయి.

అందుకే ఆఖర్న ఇద్దరు పెద్దమనుషులు స్కూటర్ స్టాండు కోసం తిట్టుకున్నది మినిట్స్‌లో ఒక పేరా నిండా ఉంది.

ముక్కలు కోసిన తీరు ఇంకా ముచ్చట. ఎవరు ఎక్కడ మాట ఆపారో చూడకుండా అక్షరాలు లెక్కపెట్టి కోశారు. మన భాషలో ఔనో కాదో వాక్యం చివర్న గానీ తేలదు కదా! మూడో అంతస్తు మాస్టారు, "రంగులకి పది లక్షలు ఇవ్వడానికి మేం సిద్ధంగా" అన్నారు. అక్కడ కత్తి పడింది. "లేం" అన్నది తర్వాతి ముక్కకి పోయి, అనాథలా ఏ వాక్యానికీ చెందకుండా నిలబడింది. మాస్టారు సిద్ధంగా ఉన్నట్టు మినిట్స్‌కెక్కింది. ఆయన ఇప్పటికీ మెట్లమీద ఎదురైన ప్రతివారికీ "లేం, లేం" అని చెప్పుకుంటున్నారు. మాట పూర్తయ్యాక కోసి, ముందు ముక్క చివరి నాలుగు మాటలు తర్వాతి ముక్కలోనూ ఉంచితే ఆయన మెట్లమీద ప్రశాంతంగా ఆయాసపడేవారు.

ఇక వాచ్‌మన్ జీతం. మొదటి గంటలోనే, వచ్చే నెలనుంచి 1500 పెంచాలని అందరం చేతులెత్తాం. మూడో సారాంశంలో అది "సిబ్బంది జీతం పెంపుకు ఆమోదం". ఆరో దాంట్లో "సిబ్బంది అంశాలపై చర్చ". తొమ్మిదో దాంట్లో "నిర్వహణ వ్యవహారాలు". పన్నెండో దాంట్లో లేనేలేదు. అడిగితే సెక్రటరీగారు, "మినిట్స్‌లో లేదు కదండీ" అంటారు. చెయ్యెత్తిన వాళ్లలో మీరూ ఉన్నారు కదయ్యా! రంగులకి లేని ఒప్పుదల పుట్టించారు, పేదవాడికి ఉన్న ఒప్పుదల మింగేశారు. సిగ్గులేదూ?

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. తీర్మానం, డబ్బు, గడువు, అన్న మనిషి, అన్న సమయం, ఇవి వేరే పట్టీలో రాయించాలి. ప్రతి ముక్కా ఆ పట్టీ కింద కొత్త వరుస చేర్చొచ్చు గానీ, పాతదాన్ని ముట్టుకోకూడదు. మనసు మార్చుకుంటే అదీ కింద ఇంకో వరుసే. చివర్న ఒక్కో వరుస సమయం చూసి రికార్డింగులో విని సరిపోల్చుకోవాలి. అరగంట పని.

ఆ అరగంట మా సెక్రటరీగారికి దొరకలేదు. మినిట్స్ ఆఖరి వాక్యం మాత్రం దివ్యంగా ఉంది: "సమావేశం సుహృద్భావ వాతావరణంలో ముగిసింది." ఆ మాట నాలుగు గంటల్లో ఎవ్వరూ అనలేదు. వాచ్‌మన్ నిన్న గేటు తీస్తూ, "అయ్యా, నా సంగతేమైంది?" అని అడిగాడు. ఆ కాయితం అతనికి చదివి వినిపించే ధైర్యం నాకు లేకపోయింది.