తరుగంతా ఒకే ఖాతాలోకి పోదు

“ప్రాసెస్ కాస్టింగ్‌లో నార్మల్ లాస్, అబ్నార్మల్ లాస్ అని విడగొట్టడం పరీక్షల కోసమే. తరుగు ఏదైనా తరుగే. పెట్టిన ఖర్చంతా వచ్చిన సరుకుతో భాగించండి, అదే కిలో ఖర్చు. స్క్రాప్ అమ్మిన డబ్బు ఇతర ఆదాయం, కాస్ట్‌తో దానికి పని లేదు. ఎలా రాసినా చివరికి లాభం ఒకటే.”

మిల్లుల్లో తరచూ వినపడే పుకారు ఇది. ముందుగా ఇందులో నిజమున్న మేరకు ఒప్పుకుందాం. నెలంతా తరుగు మామూలుగానే ఉండి, స్క్రాప్‌కి రూపాయి కూడా రాకపోతే ఈ భాగహారం సరైన జవాబే ఇస్తుంది. ఆ రెండు షరతుల్లో ఏది తప్పినా లెక్క తప్పుతుంది. ఎంత తప్పుతుందో గుంటూరు వైపు కారం మిల్లు లెక్కతో చూపిస్తాను. అంకెలు తేలిగ్గా ఉండేలా నేను వేసుకున్నవి, పద్ధతి మాత్రం రోజూ వాడేదే.

10,000 కిలోల ఎండు మిరపకాయ, కిలో 180 చొప్పున 18,00,000. కూలీ, కరెంటు, మిషన్ ఖర్చు 1,20,000. మొత్తం 19,20,000. మిల్లు అనుభవంలో 100 కిలోల కాయకి 90 కిలోల పొడి రావాలి. అంటే 1,000 కిలోలు పోతాయని ముందే తెలుసు. అందులో 600 కిలోలు తాలు కాయ, ఆడకూలీలు కూర్చుని ఏరి పక్కన పోస్తారు, కిలో 50కి అమ్ముడుపోతుంది. మిగతా 400 కిలోలు తొడిమ, దుమ్ము, తేమ. వాటికి పైసా రాదు.

ఈ 1,000 కిలోలు పోకుండా కారం తయారుకాదు, నార్మల్ లాస్ అంటే ఇదే. కాబట్టి వాటి ఖర్చు మంచి సరుకే మోయాలి. తాలు అమ్మితే వచ్చే 30,000 కూడా ఆ సరుకు ఖర్చునే తగ్గించాలి. తాలు కొన్నది కాయ ధరకే, మరి దాని మీద తిరిగొచ్చిన డబ్బు వేరే ఆదాయం ఎలా అవుతుంది? అందుకే 19,20,000లోంచి 30,000 తీసేసి, మిగిలిన 18,90,000ని 9,000తో భాగిస్తాం. కిలో 210. ఇక్కడ భాగించేది రావాల్సిన 9,000తో, వచ్చినదానితో కాదు. పుకారు తప్పేదీ, చాలామంది విద్యార్థులు తప్పేదీ ఇక్కడే.

ఆ నెల వచ్చింది 8,700 కిలోలే అనుకోండి. గ్రైండర్ వేడెక్కి, ఎవరైనా గమనించేలోపు 300 కిలోల పొడి రంగు మాడిపోయింది. దాన్నీ కిలో 50కే వదిలించుకున్నారు. ఈ 300 కిలోలు తొడిమ లాంటివి కావు, మిషన్ దగ్గర మనిషి ఉండుంటే మిగిలేవి. ఇదే అబ్నార్మల్ లాస్. పైగా అవి పొడి అయ్యాకే పాడయ్యాయి. కాయ ధర, కూలీ, కరెంటు అన్నీ తిన్నాయి. అందుకే వాటికీ మంచి సరుకు రేటే, 210 వేస్తాం. ప్రాసెస్ ఖాతా ఇలా ఉంటుంది:

| | కిలోలు | రూపాయలు |
|---|---|---|
| డెబిట్: సరుకు, ఖర్చులు | 10,000 | 19,20,000 |
| క్రెడిట్: నార్మల్ లాస్ | 1,000 | 30,000 |
| క్రెడిట్: అబ్నార్మల్ లాస్ | 300 | 63,000 |
| క్రెడిట్: తయారైన కారం | 8,700 | 18,27,000 |

మాడిన పొడి అమ్మితే వచ్చిన 15,000 ఈ ఖాతాలోకి రానే రాదు. అది అబ్నార్మల్ లాస్ ఖాతాకి క్రెడిట్. అక్కడ 63,000లోంచి 15,000 పోగా 48,000 కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకి పోతుంది. స్క్రాప్ ఒకే గోదాములోంచి, ఒకే బిల్లు మీద పోయినా ఖాతాలు మాత్రం రెండు. ఈ 15,000ని కూడా ప్రాసెస్ ఖాతాలో తగ్గించేస్తే మంచి కారం ఖర్చు ఊరికే తక్కువగా కనిపిస్తుంది.

పుకారు పద్ధతిలో అయితే 19,20,000 బై 8,700, కిలో 220.69. మాడిన పొడి ఖర్చు కొనేవాడి నెత్తిన పడింది. పది శాతం లాభం కలుపుకుని కొటేషన్ ఇస్తే 231 చెప్పాల్సింది 243 దగ్గర చెబుతారు. నేను లెక్కలు చూసిన ఒక మిల్లులో సరిగ్గా ఇదే జరిగింది. మిషన్ చెడిన నెల ఖర్చుతో తర్వాతి నెల రేటు కట్టారు, పాత కొనుగోలుదారు పక్క మిల్లుకి వెళ్లిపోయాడు. ఓనరు గారు మాత్రం “కాయ ధర పెరిగిందండీ” అనే అనుకున్నారు. ఆ 48,000 విడిగా కనపడి ఉంటే ఆయన చూపు మార్కెట్ యార్డు మీద కాక మిషన్ మీద పడేది.

ఇక “చివరికి లాభం ఒకటే” అన్న మాట. తయారైనదంతా అమ్ముడైతే ఒకటే. ఏ గోదాము ఏడాది చివరి రోజుకి ఖాళీగా ఉంటుంది? 8,700లో 2,000 కిలోలు మిగిలాయనుకుందాం. సరైన లెక్కలో ఆ నిల్వ విలువ 4,20,000. పుకారు లెక్కలో 4,41,379. తేడా 21,379. మాడిన పొడి నష్టంలో కొంత, ఇంకా అమ్మని మంచి కారం బస్తాల్లో ఆస్తిగా కూర్చుంది. స్క్రాప్ డబ్బు 45,000 అప్పుడే ఆదాయంలో వేసేశారు కూడా. ఫలితంగా ఈ ఏడాది లాభం అంత మేర ఎక్కువ చూపించి, వచ్చే ఏడాది తగ్గుతుంది. ఇది పరీక్షల గొడవ కాదు. నిల్వల విలువ కట్టే ప్రమాణం ఇండ్ ఏఎస్-2లో, పాత ఏఎస్-2లోనూ, అసాధారణంగా వృథా అయిన సరుకు, కూలీ, ఇతర ఖర్చుల్ని నిల్వ ఖర్చులో కలపకూడదని స్పష్టంగానే ఉంది. ఆడిటర్ ఆపేది అక్కడే. ఏడాదికి నాలుగు బస్తాల గోనె అమ్మిన డబ్బు ఇతర ఆదాయంలో వేస్తే ఎవరూ పట్టించుకోరు. ఆ వెసులుబాటు ఉన్నది మొత్తం చిన్నదైనప్పుడే.

నష్టం ఏ దశలో జరిగిందో కూడా అడగాలి. ఆ 300 కిలోలు పొడి అయ్యాక కాకుండా, మిషన్ ఎక్కకముందే వానకి తడిసి కుళ్లి ఉంటే వాటి మీద కూలీ, కరెంటు పెట్టలేదు కదా. అప్పుడు కాయ ఖర్చు మాత్రమే వేయాలి. 18,00,000లోంచి తాలు విలువ 30,000 తీసేసి 9,000తో భాగిస్తే, 300 కిలోలకి 59,000 వస్తుంది, 63,000 కాదు. 1,20,000 ఖర్చంతా 8,700 మీదే పడుతుంది.

తరుగు తగ్గిన నెల సంగతి పుకారులో లేనే లేదు. 9,000 రావాల్సింది 9,100 వస్తే ఆ 100 కిలోలు అబ్నార్మల్ గెయిన్. 21,000 ప్రాసెస్ ఖాతాకి డెబిట్ చేస్తాం. అదంతా లాభమేనా? కాదు. తాలు 600 బదులు 500 కిలోలే తేలింది, అంటే వస్తుందనుకున్న 5,000 రాలేదు. అది పోగా 16,000. సరిచూసుకోవడం తేలికే: చేతి నుంచి పోయింది 19,20,000, తాలు మీద వచ్చింది 25,000, నికరంగా 18,95,000. చేతిలో ఉన్న కారం 9,100 ఇంటూ 210, అంటే 19,11,000. తేడా 16,000.

పద్ధతి సరిగ్గా ఉన్నా దీన్నంతా పాడుచేసేది నార్మల్ లాస్ అని ముందే వేసుకున్న ఆ పది శాతం. అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఎప్పుడో ఒక మంచి సీజన్‌లో రాసి పెట్టిన అంకె అయితే, కాయలో తేమ ఎక్కువున్న ప్రతి నెలా అబ్నార్మల్ లాస్ కనిపిస్తుంది. సూపర్‌వైజర్ తన మీద మాట పడకుండా దాన్ని పదిహేనుకి పెంచుకుంటే, మాడిన పొడి కూడా నార్మల్ అయిపోతుంది. కాయ దిగిన రోజు తేమ ఎంతుందో, తాలు ఎంత తేలిందో లోడువారీగా తూకం చీటీల మీద రాయించండి. వరసగా నాలుగైదు నెలలు అబ్నార్మల్ లాస్ ఒకే స్థాయిలో వస్తుంటే, అది అసాధారణం కాదు, మీ నార్మల్ శాతమే తప్పు.