ఏ ప్రశ్న ముందు అడిగారో చెప్పని సర్వేని ఎలా నమ్మాలి?

1948లో అమెరికాలో హెర్బర్ట్ హైమన్, పాల్ షీట్స్‌లీ అనే సర్వే పరిశోధకులు జనాన్ని రెండు ప్రశ్నలు అడిగించారు. ఇతర దేశాల కమ్యూనిస్టు విలేకరులను అమెరికాలోకి రానిచ్చి, చూసింది చూసినట్టు తమ పత్రికలకు రాసుకోనివ్వాలా అన్నది ఒకటి. అమెరికా విలేకరులను రష్యా కూడా అలాగే రానివ్వాలా అన్నది రెండోది. కొందరికి మొదటిది ముందు వచ్చింది, మిగతావాళ్లకు రెండోది ముందు వచ్చింది. కమ్యూనిస్టు విలేకరుల గురించి ముందే అడిగితే 36 శాతం మంది రానివ్వచ్చన్నారు. అదే ప్రశ్నను అమెరికా విలేకరుల ప్రశ్న తర్వాత అడిగితే ఆ మాట అన్నవాళ్లు 73 శాతం. ప్రశ్నలో ఒక్క అక్షరం మారలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. మనవాళ్లను రష్యా రానివ్వాల్సిందే అని అప్పుడే చెప్పిన మనిషి, మరుక్షణం వాళ్లను మనం రానివ్వకూడదు అనడానికి ఇబ్బంది పడతాడు. ముందు ప్రశ్న అతనిలో న్యాయం అనే ఆలోచనను తట్టి లేపింది. విడిగా అడిగితే మాత్రం కమ్యూనిస్టుల మీద ఉన్న భయమే జవాబు చెబుతుంది.

1980లో హోవార్డ్ షూమన్, స్టాన్లీ ప్రెసర్ ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేశారు. కమ్యూనిస్టు విలేకరుల ప్రశ్న ముందు వస్తే దాదాపు 55 శాతం, తర్వాత వస్తే 75 శాతం ఒప్పుకున్నారు. నా దృష్టిలో అసలు పాఠం ఇక్కడే ఉంది. 1948లోనూ 1980లోనూ అమెరికా విలేకరుల ప్రశ్ననే ముందు పెట్టిన సంస్థ ఒకటి ఉందనుకోండి. 73 నుంచి 75, ముప్ఫై రెండేళ్లలో ప్రజాభిప్రాయం కదల్లేదు అని రాసేది. కమ్యూనిస్టు విలేకరుల ప్రశ్ననే ముందు పెట్టిన సంస్థ 19 పాయింట్లు పెరిగిందని రాసేది. నిజానికి న్యాయం మీద పట్టింపు అలాగే ఉంది, కమ్యూనిస్టుల మీద భయం తగ్గింది. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ తేడా తెలియదు. వరుస ఎప్పుడూ మార్చకపోతే కనీసం పాత ఫలితంతో పోల్చుకోవచ్చు కదా అనే వాదనకు ఇది గట్టి జవాబు.

అందుకే వరుసను యాదృచ్ఛికంగా మార్చాలంటారు. అయితే దీనివల్ల ముందు ప్రశ్న ప్రభావం ఏ ఒక్కరి మీదా పోదు. సగం మంది మీద ఒక వైపు, సగం మంది మీద రెండో వైపు పడుతుంది కాబట్టి మొత్తం ఫలితం ఒకే పక్కకు ఒరగదు. 1948 అంకెలను సగం సగం కలిపితే సగటు 54.5 వస్తుంది. దాన్ని అసలైన అభిప్రాయం అనుకుంటే పొరపాటే, అది రెండు వేర్వేరు సందర్భాల సగటు మాత్రమే. యాదృచ్ఛిక వరుస వల్ల అంతకంటే పెద్ద లాభం, ప్రభావం ఎంతో కొలవగలగడం. వెయ్యి మందిని ఐదేసి వందలుగా విడగొడితే, రెండు సగాల మధ్య తేడా ఆరు పాయింట్లు దాటిందంటే అది కాకతాళీయం కావడం అరుదు. అప్పుడు సగటు ఒక్కటే కాకుండా రెండు అంకెలూ ప్రచురించాలి.

చేసేటప్పుడు ఎక్కువగా రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, వరుసను మనిషి మనిషికీ కాకుండా సర్వే చేసేవాళ్లను బట్టో, ఊరిని బట్టో మార్చడం. అప్పుడు కనిపించిన తేడా వరుసదా, ఊరిదా తేలదు. రెండోది, ఎవరికి ఏ వరుస వచ్చిందో డేటాలో నమోదు చేయకపోవడం. అది లేకపోతే ప్రభావాన్ని కొలిచే దారే ఉండదు.

వరుస మార్చడం అన్నిటికీ మందు కాదు. అమెరికాలోని గాలప్ సర్వే సంస్థ అప్పట్లో రోజూ చేసిన సర్వేలో, మీ జీవితం నిచ్చెన మీద ఏ మెట్టున ఉంది అనే ప్రశ్నకు ముందు రాజకీయ ప్రశ్నలు ఉండేవి. 2009లో ఆ ప్రశ్నలను యాదృచ్ఛికంగా సగం మందినే అడిగినప్పుడు, అడిగించుకున్నవాళ్లు తమ జీవితానికి తక్కువ మార్కులు వేసుకున్నట్టు బయటపడింది. ఆ తగ్గుదల ఉద్యోగం పోయినప్పుడు కనిపించే తగ్గుదలకు కొంచెమే తక్కువని ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ చూపించారు. ఇక్కడ విడగొట్టి అడగడం జబ్బును పట్టిచ్చింది. నయం చేయాలంటే మాత్రం జీవితం గురించిన ప్రశ్ననే ముందుకు తేవాలి, లేదా మధ్యలో దృష్టి మళ్లించే ప్రశ్న పెట్టాలి. గాలప్ ఆ రెండో పనే చేసింది. విశాలమైన ప్రశ్న ముందు, విడి ప్రశ్నలు తర్వాత అన్న క్రమాన్ని కదపకుండా, ఒకే స్థాయి ప్రశ్నల మధ్య మాత్రమే వరుస మార్చాలి.

మన దగ్గర ఎన్నికల ముందు వచ్చే సర్వేల్లో ఈ వివరం కనిపించడం అరుదు. పింఛను వస్తోందా, రేషన్ అందుతోందా అని అడిగాక ప్రభుత్వ పనితీరు అడిగితే ఒక జవాబు రావచ్చు. ధరలు, ఉద్యోగాల గురించి అడిగాక అడిగితే ఇంకో జవాబు రావచ్చు. శాంపిల్ ఎంత అని అడిగే విలేకరులు ప్రశ్నావళి మొత్తం చూపించమని, పనితీరు ప్రశ్నకు ముందు ఏం అడిగారో చెప్పమని కూడా అడగాలి. చెప్పని సర్వేని మొదటి పేజీలో వేయకూడదు.