అనువాదకుల ప్రొఫైల్‌ను చదివేది తెలుగు రానివారే

విజయవాడ, గుంటూరుల్లో ఇంటి నుంచే ఇంగ్లిష్–తెలుగు అనువాదాలు చేసేవారి ప్రొఫైళ్లు చదువుతుంటే నాకు బాధ కలుగుతుంది. మంచి పనితనం ఉన్నవారు కూడా ‘నాణ్యంగా, వేగంగా, అన్ని రంగాల్లోనూ’ అని రాసి ఊరుకుంటున్నారు. అనువాద ఏజెన్సీలో ఆ పేజీ తెరిచేది, పని ఇవ్వడానికి అనువాదకులను ఎంచుకునే వెండర్ మేనేజర్. ఆ మనిషి పుణెలోనో ప్రాగ్‌లోనో ఉంటారు, చాలాసార్లు తెలుగు అక్షరాలే రావు. మన తెలుగు ఎంత బాగుంటుందో తేల్చుకునే దారి వారికి లేదు. అందుకే తాము సరిచూసుకోగలిగే వివరాలనే నమ్ముతారు. ఏ భాష నుంచి ఏ భాషకు, ఏ రంగం, ఎన్నేళ్లు, ఏ సాఫ్ట్‌వేర్ అన్నవే ఆ వివరాలు. అనువాదకులను వెతికే ప్రోజ్ వంటి సైట్లలో వడపోత జరిగేది కూడా వీటి మీదే.

గుంటూరులో నాకు తెలిసిన ఒక అనువాదకురాలు వ్యవసాయ శాస్త్రంలో డిగ్రీ చేశారు. పురుగుమందుల కంపెనీలో కొంతకాలం పనిచేసి, తర్వాత వాటి కరపత్రాలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. అయినా ప్రొఫైల్‌లో న్యాయం, వైద్యం, సినిమా సహా కనిపించిన రంగాలన్నిటికీ టిక్కు పెట్టారు. తెలుగు నుంచి ఇంగ్లిష్‌కూ చేస్తానన్నారు, హిందీ కూడా చేర్చారు. అసలు బలం ఆ గుంపులో మునిగిపోయింది. పురుగుమందుల లేబుల్, కరపత్రం హిందీ, ఇంగ్లిష్‌లతో పాటు అమ్మే ప్రాంతపు భాషలో కూడా ఉండాలని 1971 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అంటే ఈ పని ఎప్పుడూ ఉండేదే. మిరప, పత్తి పండే జిల్లాలో పెరిగి, మందు మోతాదును రైతు ఎలా లెక్క వేసుకుంటాడో తెలిసిన మనిషి దొరకడం ఏజెన్సీకి తేలిక కాదు. ఇప్పుడు ఆమె మొదటి వాక్యం ఇలా ఉంది: ‘ఇంగ్లిష్ నుంచి తెలుగుకు మాత్రమే, పురుగుమందుల లేబుళ్లు, కరపత్రాలు, రైతు శిక్షణ సామగ్రి, వ్యవసాయ డిగ్రీ.’ మిగతావన్నీ తీసేశారు.

అనుభవాన్ని కూడా కొలతకు నిలిచేలా రాయాలి. చాలా ఏజెన్సీలు ఐఎస్ఓ 17100 అనే 2015 నాటి ప్రమాణాన్ని పాటిస్తాయి. దాని ప్రకారం అనువాదకుడికి అనువాదంలో డిగ్రీ ఉండాలి. లేదా వేరే ఏదైనా డిగ్రీతో పాటు రెండేళ్ల పూర్తికాల అనువాద అనుభవం ఉండాలి. డిగ్రీ లేకపోతే ఐదేళ్ల పూర్తికాల అనుభవం కావాలి. మనలో ఎక్కువమందికి వర్తించేది రెండో దారి. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు చేసిన పనిని పూర్తికాలం కింద చూపిస్తే, రుజువు పత్రాలు అడిగినప్పుడు చిక్కు వస్తుంది. అందుకే ఏ నెల నుంచి ఏ నెల వరకు, పూర్తికాలమా పాక్షికమా అని విడివిడిగా రాయాలి. పని ఇచ్చినవారి ఉత్తరం దగ్గర ఉంచుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది మాదిరి అనువాదం దగ్గర. గోప్యత ఒప్పందం ఉంటుంది కాబట్టి క్లయింటు పనిని పెట్టకూడదు. బహిరంగంగా దొరికే ఇంగ్లిష్ లేబుల్‌ను తీసుకుని, 200 పదాల భాగాన్ని కొత్తగా అనువదించి, మూలం ఒక పక్క, తెలుగు మరో పక్క వచ్చేలా పట్టికలో పెట్టాలి. వెండర్ మేనేజర్ దాన్ని తనకు తెలిసిన తెలుగు సమీక్షకుడికి పంపుతారు. పక్కపక్కనే ఉంటే అతను మోతాదులు, జాగ్రత్తలు వరసగా సరిపోల్చుకోగలడు.

ఇక్కడ మన ఊళ్లకు ప్రత్యేకమైన ఒక చిక్కుంది. విజయవాడ ప్రచురణ రంగంలో పనిచేసినవారిలో చాలామందికి అను ఫాంట్లతో టైపు చేయడం అలవాటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు అర్థంలేని గుర్తులుగా తెరుచుకుంటుంది. ఏజెన్సీలు వాడే ట్రాడోస్, మెమోక్యూ వంటి అనువాద సాఫ్ట్‌వేర్లలో పనికొచ్చేది యూనికోడ్ తెలుగే. కాబట్టి మాదిరిని యూనికోడ్‌లో చేసి, ఫాంటు పొదిగిన పీడీఎఫ్‌గా పంపాలి. ‘యూనికోడ్‌లో పనిచేస్తాను’ అని ప్రొఫైల్‌లో రాయడం మరచిపోకూడదు.

ధర మూల పదానికే చెప్పాలి. తెలుగులో విభక్తులు పదానికి అతుక్కుంటాయి. కాబట్టి ఒకే పాఠానికి తెలుగు పదాల లెక్క ఇంగ్లిష్ కంటే తక్కువే వస్తుంది. అనువదించిన పదాల మీద లెక్కకు ఒప్పుకుంటే చేసిన పనిలో కొంత ఉచితంగా ఇచ్చినట్లే. రోజుకు ఎన్ని పదాలు చేయగలరో కూడా నిజాయితీగా రాయాలి. జాగ్రత్తగా చేసే అనువాదకుడికి 2,000 నుంచి 2,500 మామూలు. 6,000 అని రాస్తే వెండర్ మేనేజర్‌కు సందేహం వస్తుంది, అది న్యాయమే.

పూర్తి బయోడేటాను మాత్రం అందరికీ కనిపించేలా ఉంచవద్దు. అనువాదకుల బయోడేటాలను ఎత్తుకుని, ఈమెయిల్ చిరునామా ఒక్కటి మార్చి ఏజెన్సీల దగ్గర పని తీసుకునే మోసగాళ్లు ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నారు. పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఆధార్ వివరాలు ప్రొఫైల్‌లో అక్కర్లేదు. బయోడేటా అడిగినవారి ఈమెయిల్ ఆ ఏజెన్సీ సొంత డొమైన్ నుంచే వచ్చిందో లేదో చూసుకున్న తర్వాతే పంపండి.