‘యూజర్’ ఉన్నచోటల్లా ‘వినియోగదారుడు’

“యాప్‌ని తెలుగులోకి మార్చేటప్పుడు యూజర్ అని ఉన్నచోటల్లా వినియోగదారుడు అని మార్చేస్తే సరిపోదా?”

సరిపోదండీ. మా పర్లాకిమిడిలో డబ్బు పంపే షాపులో యాప్ తెలుగులో పెట్టుకుని చూడండి. అక్కడ ముగ్గురున్నారు: ఫోన్ పట్టుకున్న షాపతను, డబ్బు పంపమన్న మనిషి, ఊళ్లో అందుకునే వాళ్లమ్మ. తెర మీద మాత్రం “వినియోగదారుడి మొబైల్‌కు ఓటీపీ వస్తుంది” అని ఒకే ముక్క. షాపతను తన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు, ఓటీపీ పక్కన నిల్చున్న వాళ్ల జేబులో మోగుతుంటుంది.

నేనైతే ఇలా రాస్తాను: “డబ్బు పంపేవారి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. వారిని అడిగి ఇక్కడ టైప్ చేయండి.” తెర ముందున్న మనిషికి పేరక్కర్లేదు, ‘చేయండి’ అనగానే తెలిసిపోతుంది, తప్పదంటే ‘మీరు’. మిగతావాళ్లను చేసే పనిని బట్టి పిలవాలి: పంపేవారు, అందుకునేవారు.

సహాయం పేజీలో అయితే ఎవరి గురించో ముందే చెప్పాలి. బ్యాంకు విషయమైతే ‘ఖాతాదారు’ అందరికీ తెలిసిందే. గ్రూపుకి ‘సభ్యులు’. తెలుగు వికీపీడియాలో ‘వాడుకరి’ కుదిరింది, అక్కడ రాసేవాళ్లకి అలవాటైంది కాబట్టి. అదే మాట రీఛార్జి యాప్‌లో పెడితే మా బజారులో ఎవరూ గుర్తుపట్టరు. ‘వినియోగదారు’ను కరెంటు బిల్లుకి, ఫిర్యాదుల ఫోరానికి వదిలేయండి. అన్నట్టు ఆ చివరి ‘డు’ తీసేయండి, షాపుకి ఆడవాళ్లూ వస్తారు.

లాగిన్ దగ్గర ‘యూజర్ నేమ్’ జోలికి మాత్రం పోకండి.