24 వంటగదులు, ఒక గిన్నెడు నిమ్మకాయలు

మన దేశంలో ఓటు వేయాలంటే 18 ఏళ్లు నిండాలి. ఇంటికి అనుకున్న రంగులు, రాళ్లు, టైల్స్ ఒకచోట పేర్చి చూపే మూడ్‌బోర్డ్ మీద ఓటు వేయడానికి మాత్రం వాట్సాప్ ఉంటే చాలు. ఇంటీరియర్ పనిలో ఉన్నవాళ్లందరికీ ఇది తెలిసిన బాధే కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

మొన్న హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్‌కి వంటగది చేయాల్సి వచ్చింది. "రెండు మూడు ఆప్షన్లు కాదు సార్, బాగా చూపించండి" అన్నారు ఇంటాయన. బాగా చూపించాను. గట్టుకి నాలుగు రకాల రాళ్లు, కప్‌బోర్డ్ తలుపులకి మూడు లామినేట్లు, వెనక గోడకి రెండు టైల్స్. నాలుగు మూళ్లు 12, పన్నెండు రెళ్లు 24. సాఫ్ట్‌వేర్‌లో రాయి మార్చడం చొక్కా మార్చుకున్నంత తేలిక. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి 24 వంటగదులు ఇడ్లీల్లా దిగాయి. అన్నిటినీ వరసగా ఒక షీట్ మీద పేర్చి, కింద నంబర్లు వేసి పంపాను. తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను.

ఆ రాత్రి పదకొండింటికి వీడియో కాల్. ఇటు ఇంటాయన, ఆవిడ, పెద్దాయన. అటు డల్లాస్ నుంచి బామ్మర్ది. బామ్మర్ది ఆ ఇంట్లో ఉండడు, వండడు, డబ్బు కట్టడు, అందుచేత తీర్పు ఆయనదే. 24 బొమ్మలనీ ఫోన్ తెర మీద, ఒక్కొక్కటీ బొటనవేలి గోరంత సైజులో చూసి, "బావా, 17లో ఒక వెచ్చదనం ఉంది" అన్నాడు. పెద్దాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "అవును, 17 కళగా ఉంది" అన్నారు. "9 మాత్రం వద్దు, మన పాత ఇల్లు గుర్తొస్తోంది" అని ఆవిడ. 17 ఏకగ్రీవం.

నేను 17 తెరిచి చూసుకున్నాను. ఇటాలియన్ తెల్ల మార్బుల్ గట్టు, లేత బూడిద తలుపులు. పక్కన 18 కూడా అంతే, గోడ టైల్ ఒక్కటే తేడా. దాన్ని ఎవరూ తలవలేదు. ఇంతకీ 17లో ఏముంది? గట్టు మీద తెల్ల గిన్నె, అందులో ఆరు నిమ్మకాయలు. పని మధ్యలో సరదాకి పెట్టి, తీయడం మర్చిపోయాను. పైగా ఆ ఒక్కదాంట్లోనే కిటికీలోంచి సాయంత్రం ఎండ పడుతోంది.

అనుమానం తీర్చుకోవాలి కదా. నిమ్మకాయలు తీసేసి, ఎండ ఆపేసి, అదే 17ని 25 అని పంపాను. "ఇదేంటి సార్, ఆస్పత్రిలా ఉంది" అని నిమిషంలో జవాబు. తర్వాత అందరూ తిట్టిన 9కి నిమ్మకాయలు పెట్టి, ఎండ కొట్టించి 26 అని పంపాను. "ఇది సూపర్! ఇంతసేపూ ఎందుకు దాచారు?" బామ్మర్ది అయితే డల్లాస్ నుంచి మూడు చప్పట్ల బొమ్మలు పెట్టాడు. ఇంతకీ 9లో ఉన్నది నల్ల గ్రానైట్. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి, లోపల ఇత్తడి పొడి చల్లినట్టు మెరుస్తుందే, అది. అమెరికా షోరూముల్లో దాన్నే బ్లాక్ గెలాక్సీ అని అమ్ముతారు. చీమకుర్తి అంటే పాత ఇల్లు, గెలాక్సీ అంటే కొత్త ఇల్లు.

ఇక్కడిదాకా నవ్వొచ్చింది. మర్నాడు మార్బుల్ ముక్క పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వంటింటి గుమ్మం దగ్గర పెద్దావిడ నిలబడి ఉన్నారు. రెండు పూటలా ఆ ఇంట్లో వండేది ఆవిడే. ఆవిడ మెల్లగా, "బాబూ, దీనిమీద చింతపండు పులుసు పడితే మరక పోతుందా?" అని అడిగారు.

పోదు. మార్బుల్ అంటే సున్నపు జాతి రాయి. నిమ్మరసమో చింతపండు పులుసో పడితే మరక అవడం కాదు, పైన పాలిష్‌నే తినేస్తుంది. కాసేపు ఉంచితే చాలు, అక్కడ మెరుపు చచ్చి గుడ్డిగా తేలుతుంది. ఎంత తోమినా రాదు, మళ్లీ మెషీన్ పెట్టి పాలిష్ చేయించాల్సిందే. అంటే 17కి ఓట్లు తెచ్చిపెట్టిన నిమ్మకాయల్లో ఒక్కటి కోసినా 17 పని ఖతం.

నాకు ఒళ్లు మండింది ఇందుకే. 24 బొమ్మలు, నాలుగు కాల్స్, ఏడు సముద్రాల అవతల మనిషి అభిప్రాయం. అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్న అడిగిన మనిషిని ఏ కాల్‌లోనూ కూర్చోబెట్టలేదు. గట్టు పాడయ్యాక "అమ్మా, కాస్త చూసి వండొచ్చుగా" అని రోజూ మాట పడేది ఆవిడ. సిగ్గులేని పని ఇది. అందులో సగం నాది. బొమ్మలు పంపినవాణ్ని నేను, వండేదెవరని అడగనివాణ్ని కూడా నేనే.

ఆ సాయంత్రమే 24నీ చెరిపేశాను. మూడే దారులు పెట్టాను: తెల్ల మార్బుల్, తెల్ల క్వార్ట్జ్, నల్ల గ్రానైట్. ఒక్కోదానికి ఒక బొమ్మ. కెమెరా ఒకచోటే, వెలుతురు ఒకటే, గిన్నెల్లేవు, పండ్లు లేవు. మారేది మెటీరియల్ ఒక్కటే. బొమ్మ పక్కనే అసలు ముక్కలు. గట్టు రాయి పడుకోబెట్టి, తలుపు లామినేట్ నిలబెట్టి చూపించాను. లామినేట్ చేతిలో పట్టుకుంటే ఒక రంగు, నిలబెడితే ఇంకో రంగు. పగటి వెలుగులో బూడిదగా ఉన్న షీట్ రాత్రి పసుపు లైట్ కింద మట్టిరంగుకి తిరిగింది. ఫోన్‌లో ఈ గొడవేమీ కనపడదు.

తర్వాత పెద్దావిడని పిలిచి, మూడు రాళ్ల మీదా నూనె కలిపిన పసుపు, చింతపండు పులుసు, అరచెక్క నిమ్మకాయ పెట్టించి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నే తుడిచి చూస్తే మార్బుల్ మీద నిమ్మచెక్క ఆకారంలో గుండ్రటి గుడ్డిమచ్చ. క్వార్ట్జ్ మీద పసుపు నీడ, గట్టిగా రుద్దితే చాలావరకు పోయింది. కానీ అందులో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్, కాగిన మూకుడు తెచ్చి నేరుగా దింపితే రంగు తిరగొచ్చు. గ్రానైట్ మీద ఏమీ లేదు. "ఇదే పెట్టండి" అన్నారు పెద్దావిడ. ఎనిమిది రోజుల చర్చ మూడు సెకన్లలో అయిపోయింది.

ఇంటాయన ఊరుకుంటాడా? "గ్రానైట్ గట్టు, మార్బుల్ దాంట్లో తలుపులు, క్వార్ట్జ్ దాంట్లో టైల్, మూడూ కలిపితే?" అన్నాడు. మూడు కూరలు కలిపితే నాలుగో కూర అవ్వదండీ అని చెప్పాను. దారి ఒకటి ఖాయం అయ్యాక దాని లోపలే వెతకాలి. గట్టు కదలదు. తలుపులకి మాత్రం గ్రానైట్ పక్కన నిలబడగల మూడు లేతరంగులు తెచ్చాను. ముదురు మ్యాట్ షీట్ కావాలని ఇంటావిడ పట్టుబడితే, నూనె చేత్తో ఒకసారి ముట్టుకోమన్నాను. అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి. దాన్ని వాళ్లే పక్కన పెట్టేశారు. ఆ తర్వాతే షీట్లు ఎన్ని పడతాయో లెక్కేసి కార్పెంటర్‌కి చెప్పాను. గమ్ పెట్టి అతికించాక మనసు మారితే తీయడం ఉండదు, ప్లైతో సహా పారేయడమే.

వంటగది పూర్తయింది. గృహప్రవేశం ఫొటోలు గ్రూపులో వచ్చాయి. నల్లటి గట్టు నడిమధ్యన తెల్ల గిన్నె, అందులో ఆరు నిమ్మకాయలు. ప్లాస్టిక్‌వి. డల్లాస్ నుంచి మెసేజ్: "17 కదా బావా? నే ముందే చెప్పా."