సొరంగంలో సిగ్నల్ ఉందా అని కాదు, కేబుల్ తెగాక ఉంటుందా అని అడగండి

ఏ ఊళ్లో మెట్రో సొరంగ మార్గం తెరిచినా మనవాళ్లు అడిగేది ఒక్కటే, లోపల ఫోన్ పనిచేస్తుందా అని. హైదరాబాద్ మెట్రో మొదటి దశంతా పిల్లర్ల మీదే నడుస్తుంది కాబట్టి మనకు ఇక్కడ ఆ టెన్షన్ లేదు గానీ, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ మెట్రోల్లో రోజూ సొరంగాల్లో తిరిగే తెలుగువాళ్లకు తక్కువేం లేదు. ఫోన్ సంగతి పక్కన పెడదాం. లోపల పేలుడో అగ్నిప్రమాదమో జరిగి గోడ మీది కేబుల్ ఒక్కచోట తెగితే, దిగిన ఫైర్ సిబ్బంది వాకీటాకీ పనిచేస్తుందా? దీనికి సూటిగా అవునని చెప్పలేని సొరంగాన్ని ప్రారంభించకూడదు. నా వాదన ఇంతే.

సొరంగంలోకి బయటి రేడియో తరంగాలు ఎక్కువ దూరం వెళ్లవు. ఒక వంపు తిరిగితే అయిపోయినట్టే. అందుకే గోడ పొడవునా లీకీ కేబుల్ వేస్తారు. మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో బయటి రాగి పొర పూర్తిగా మూసి ఉంటుంది, దీంట్లో మాత్రం ఆ పొరకు వరసగా గాట్లు పెడతారు. నీళ్లు కారే డ్రిప్ పైపులా దారి పొడవునా కొంచెం కొంచెం సిగ్నల్ బయటికి వదులుతుంది, దగ్గర్లోని వాకీటాకీ సిగ్నల్‌ని అదే గాట్లలోంచి లోపలికి తీసుకుంటుంది కూడా. అంటే సొరంగం మొత్తానికి ఒకటే పొడవాటి యాంటెన్నా. చిక్కంతా అక్కడే ఉంది. ఒకవైపు నుంచే సిగ్నల్ ఇచ్చే కేబుల్ తెగితే, తెగినచోటి నుంచి అవతలంతా మూగబోతుంది. ప్రమాదం జరిగిన రైలు ఉండేది ఆ తెగినచోటి దగ్గరే.

2005 జులై 7న లండన్‌లో జరిగింది ఇదే. కింగ్స్ క్రాస్, రస్సెల్ స్క్వేర్ స్టేషన్ల మధ్య పికడిల్లీ లైన్ సొరంగంలో బాంబు పేలి, పేల్చినవాడు కాక 26 మంది చనిపోయారు. రైలు పట్టేంత వెడల్పే ఉన్న లోతైన గొట్టం అది. పేలుడుకి సొరంగంలోని లీకీ కేబుల్ దెబ్బతింది. రైలు దగ్గర నుంచి పైకి కబురు పంపాలంటే మనుషులు పరిగెత్తుకుంటూ ప్లాట్‌ఫారం దాకా, అక్కడి నుంచి పైదాకా వెళ్లాల్సి వచ్చింది. ఎంతమంది గాయపడ్డారు, స్ట్రెచర్లు ఎన్ని కావాలి, రెండో బాంబు ఉందా, ఇవన్నీ కాళ్ల మీద ప్రయాణించిన వార్తలు. పైగా కేబుల్ బాగున్నా లండన్ ఫైర్ సిబ్బంది రేడియోలు అప్పటికి భూగర్భంలో పనిచేసేవి కావు. రైల్వే పోలీసుల రేడియోలు పనిచేసేవి, వాళ్లవి వీళ్లకు కలిసేవి కావు.

మరి తెగినా బతికే ఏర్పాటు కష్టమా? మెట్రోలో అయితే కాదు. సొరంగానికి రెండు చివర్లా స్టేషన్లుంటాయి, రెండింటిలోనూ రేడియో పరికరాలుంటాయి. చాలామంది డిజైనర్లకు తోచే సులువైన పద్ధతి, ఈ స్టేషన్ సగం, ఆ స్టేషన్ సగం కవర్ చేయడం. నేనంటున్నది మధ్యలో తెంచకుండా ఒకే కేబుల్ పోనిచ్చి, ఏ స్టేషన్ అయినా ఒంటరిగా అవతలి చివరిదాకా కవర్ చేయగలిగేలా లెక్క వేయమని. అప్పుడు కేబుల్ ఎక్కడ తెగినా తెగినచోటికి అటూ ఇటూ రెండు ముక్కలూ బతికే ఉంటాయి.

ఆ లెక్క ఎంత బిగువుగా ఉంటుందో కిలోమీటరు సొరంగం తీసుకుని చూద్దాం, అంకెలు ఉదాహరణకే. కేబుల్‌లో ప్రతి 100 మీటర్లకు సిగ్నల్ సగమవుతుందనుకోండి. కిలోమీటరు చివరికి వచ్చేసరికి మిగిలేది వెయ్యో వంతు. గాట్లలోంచి బయటపడి రెండు మీటర్ల దూరంలోని రేడియోకి చేరేది దాంట్లో కోటో వంతు. రైలు పెట్టె గోడ, కిక్కిరిసిన జనం కలిసి దాన్ని ఇంకో మూడొందల వంతు చేస్తారు. స్టేషన్ నుంచి 10 వాట్లు పంపితే అప్పటికీ వాకీటాకీకి వినపడుతుంది. కానీ చేతిలోని వాకీటాకీ పంపేది ఒక్క వాటే. అందుకే మొదట చచ్చిపోయేది లోపలి నుంచి పైకి వెళ్లే మాట. కంట్రోల్ రూం మాట స్పష్టంగా వినిపిస్తుంది, నువ్వు అరిచినా వాళ్లకు బుస్సుమనే శబ్దమే. ‘మాకు బాగానే వినిపించింది’ అని సంతకం పెట్టి వచ్చే టెస్టును నేను నమ్మనిది ఇందుకే. సగం దూరానికే డిజైన్ చేస్తే ఈ తిప్పలేవీ ఉండవు, అదే ఆకర్షణ. కేబుల్ తెగేదాకా.

ఖర్చు ఎక్కువ కదా అంటారు. నిజమే, మందమైన కేబుల్ కావాలి, మంచి పరికరాలు కావాలి. లీకీ కేబుల్ పాతదైంది, చిన్న చిన్న రేడియో నోడ్లు అల్లికలా పెడితే సరిపోతుందనే వాదన కూడా ఉంది, గనుల్లో దానికి కొంత బలం ఉంది. కానీ సొరంగం తవ్వే ఖర్చు ముందు కేబుల్ ఖర్చు ఏపాటిది? ఇక నోడ్లంటారా, వాటికీ కరెంటు కావాలి, పేలుడు జరిగితే అవీ దెబ్బతింటాయి.

పొదుపు ఎక్కడిదాకా వెళ్తుందంటే, కేబుల్‌ని గోడకు పట్టి ఉంచే క్లిప్పుల్లో కూడా చూపిస్తారు. అన్నీ ప్లాస్టిక్‌వి అయితే మంటకి కరిగిపోయి కేబుల్ పట్టాల మీద పడుతుంది. మధ్య మధ్యలో స్టీలు క్లిప్పులు వేస్తే వేలాడుతూనైనా నిలుస్తుంది. చాలా చిన్న సంగతి, టెండర్లో ఒక్క లైను.

గనుల కథ ఇంకా ఘోరం. బొగ్గు గనిలో లీకీ కేబుల్ కొన్ని కిలోమీటర్లు పోవాలి, కాబట్టి ప్రతి కొన్ని వందల మీటర్లకో, తగ్గిన సిగ్నల్‌ని మళ్లీ పెంచే యాంప్లిఫయర్ పెడతారు, వాటికి కరెంటు కూడా ఆ కేబుల్‌లోంచే వెళ్తుంది. ఇప్పుడు గ్యాస్ పెరిగిందనుకోండి. మన నిబంధనల ప్రకారం మండే వాయువు 1.25 శాతం దాటితే అక్కడి కరెంటు ఆపేయాలి, ఆపకుండా ఉంటే గ్యాస్ ఇంకా పెరిగినప్పుడు ఒక్క నిప్పురవ్వకే పేలొచ్చు. యాంప్లిఫయర్లు నిప్పురవ్వ పుట్టించలేనంత తక్కువ శక్తితో నడిచేవి కాకపోతే, వాటికి సొంత బ్యాటరీ లేకపోతే, సరిగ్గా అవసరమైన నిమిషంలో రేడియో కూడా ఆగుతుంది.

2006 జనవరి 2న అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని సాగో గనిలో పేలుడు జరిగింది. లోపలున్నవాళ్లకు పైవాళ్లతో మాట్లాడే దారి లేకుండా పోయింది, కప్పుకు బిగించిన బోల్టుల్ని సుత్తితో కొట్టారు, పైన వినేవాళ్లు లేరు. చివరికి రెస్క్యూ టీం వాళ్లను చేరినప్పుడు ఆ మాట మాస్కులు వేసుకున్న మనుషుల ద్వారా అంచెలంచెలుగా పైకి వచ్చేసరికి తిరగబడింది. 12 మంది బతికే ఉన్నారని కుటుంబాలు గంటల తరబడి సంబరపడ్డాయి. నిజానికి ఆ గనిలో 12 మంది పోయారు, ఒక్కడే బతికాడు. ఆ ఏడాదే చట్టం వచ్చింది, మూడేళ్లలో భూగర్భ బొగ్గు గనులన్నీ రెండువైపులా మాట్లాడుకునే వైర్‌లెస్ ఏర్పాటు చేసుకోవాలని.

అమెరికా శవాల లెక్క చూశాకే కదిలిందని తిట్టొచ్చు గానీ, కనీసం గడువు పెట్టింది. లండన్ అదీ చేయలేదు. 1987 నవంబరులో కింగ్స్ క్రాస్ స్టేషన్‌లోనే మంటలు లేచి 31 మంది చనిపోయారు. 1988లో ఫెన్నెల్ విచారణ నివేదిక భూగర్భంలో అత్యవసర సిబ్బంది మధ్య రేడియో సంబంధాలు బాగుచేయమంది. 2005లో బాంబు పేలేటప్పటికి ఫైర్ సిబ్బంది రేడియోలు కింద ఇంకా మూగగానే ఉన్నాయి. అదే స్టేషన్ పక్క సొరంగంలో, 17 ఏళ్ల తర్వాత.

నా అసలు కోపం కేబుల్ మీద కాదు, ఈ విచారణ నివేదికల మీద. ప్రమాదం, కమిటీ, నివేదిక, బీరువా. మన దగ్గర ఆ బీరువాలు ఇంకా లోతు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం 2025 ఫిబ్రవరిలో కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు సింగరేణి రెస్క్యూ టీంలను పిలిచాం, మంచిదే. కానీ ఏ సిఫార్సుకు ఎవరు బాధ్యులు, ఎప్పటికి పూర్తి చేయాలి, ఎంతవరకు వచ్చింది అనే మూడు గళ్ల పట్టికను ఒక్క ప్రమాదం తర్వాతైనా జనం ముందు పెట్టే అలవాటు మనకుందా?

కొత్త పట్టికలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మెట్రో రైల్ సేఫ్టీ కమిషనర్ కొత్త సొరంగానికి అనుమతి ఇచ్చే ముందు ఒక రాత్రి ఒక స్టేషన్‌లో కేబుల్ కనెక్టర్ ఊడదీయించాలి. ఆ స్టేషన్ దగ్గరే, కిక్కిరిసిన రైలు పెట్టె మధ్యలోంచి, ఊరి ఫైర్ సిబ్బంది సొంత వాకీటాకీతో అవతలి స్టేషన్ మీదుగా పైకి మాట్లాడించాలి. పైన విన్న మాటను రాసుకుని, లోపల చెప్పిన మాటతో పోల్చి, రెండూ కలిపి వెబ్‌సైట్లో పెట్టాలి.