మడతల్లోకి దిగిన ఎరుపు జింక్ క్రీమ్‌కు లొంగదు

పసిపిల్లలకు డైపర్ కట్టే చోట ఒరుసుకుపోయి ఎర్రబడితే హైదరాబాద్‌లో ఏ మెడికల్ షాపుకు వెళ్లినా చేతిలో పెట్టేది జింక్ ఆక్సైడ్ క్రీమే. చాలామందికి అది సరిపోతుంది కూడా. రెండు మూడు రోజుల్లో చర్మం మామూలు రంగుకు వస్తుంది. చిక్కంతా తగ్గినట్టే తగ్గి వారం తిరక్కుండా మళ్లీ వచ్చే ఎరుపుతోనే. అప్పుడు ఇంట్లోవాళ్లు ముందు క్రీమ్ కంపెనీ మారుస్తారు, తర్వాత డైపర్ కంపెనీ మారుస్తారు, ఆ తర్వాత సబ్బు. మార్చాల్సింది వాటిని కాదు. జింక్ క్రీమ్ చర్మానికీ తడికీ మధ్య నిలబడే గోడ లాంటిది. గోడ లోపల అప్పటికే ఫంగస్ చేరి ఉంటే, ఎంత మందంగా పూసినా దాన్ని అది చంపదు.

కాబట్టి రెండోసారి ఎరుపు కనిపించినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఏ క్రీమ్?’ అని కాదు, ‘ఎరుపు ఎక్కడ?’ అని. మామూలు ఒరుపు తడి వల్ల వస్తుంది. మూత్రం, విరేచనం కలిసినప్పుడు అమ్మోనియా పుడుతుంది. దానివల్ల చర్మం మీది ఆమ్లగుణం పోయి, మలంలో ఉండే జీర్ణరసాలు చురుకెక్కి పైపొరను కొరుకుతాయి. ఇదంతా జరిగేది డైపర్ నేరుగా తగిలే ఎత్తయిన చోట్ల. అంటే పిరుదుల గుండ్రటి భాగం, తొడల పైభాగం, పొత్తికడుపు కింద. గజ్జల్లో మడత లోపలికి డైపర్ తగలదు, అందుకే మామూలు ఒరుపులో మడత విప్పి చూస్తే లోపల చర్మం శుభ్రంగానే ఉంటుంది.

ఫంగస్‌లలో ఒక రకమైన కాండిడా అనే ఈస్ట్‌ది దీనికి తలకిందుల తీరు. అది పిల్లల పేగుల్లో ఎలాగూ కొంత ఉంటుంది, మలంతో పాటు బయటికి వస్తుంది. వెచ్చగా, తడిగా, గాలి ఆడకుండా ఉన్న చోటు దొరికితే అక్కడ కాపురం పెడుతుంది. గజ్జల మడతకు మించిన చోటు దానికి ఇంకేముంటుంది? మడత లోతులో ముదురు ఎరుపు, మెరుస్తున్నట్టుండే చర్మం, అంచు దగ్గర సన్నటి పొట్టు, ఆ అంచు దాటాక వేరువేరుగా చెదిరిన ఆవగింజలంత ఎర్రటి పొక్కులు. ఈ చెదురు పొక్కులనే డాక్టర్లు శాటిలైట్ మచ్చలంటారు. మడతల ఎరుపు, ఈ చెదురు పొక్కులు రెండూ ఉంటే ఈస్ట్ అనుమానం చాలా బలపడుతుంది. సరైన పద్ధతిలో జింక్ వాడుతున్నా మూడు రోజులు దాటి తగ్గకపోవడం మూడో గుర్తు.

ఇక్కడో మాట. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలు ఎక్కువగా తెల్లచర్మం పిల్లలవి. వాటిలో కనిపించే నిగనిగలాడే ఎరుపు మన చామనఛాయ పిల్లల్లో కనిపించకపోవచ్చు. మనవాళ్లలో అది రాగిరంగులోనో, ముదురు గోధుమ రంగులోనో, కొంచెం ఊదా కలిసినట్టో ఉంటుంది. అందుకే రంగు కంటే అంచును, పొట్టును, పొక్కులను చూడటం మేలు. ట్యూబ్‌లైట్ కింద కాదు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడాలి.

తరచూ ఎదురయ్యే కథను ఒక ఉదాహరణగా అల్లుకుని చూద్దాం. జులై నెల, ముసురు, కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్, ఎనిమిది నెలల పాప. చెవి నొప్పికి డాక్టర్ ఏడు రోజుల యాంటీబయాటిక్ సిరప్ రాశారు. నాలుగో రోజుకు పాపకు రోజుకు ఆరేడు పల్చటి విరేచనాలు. ఐదో రోజున పిరుదులు ఎర్రబడ్డాయి, జింక్ క్రీమ్ మొదలుపెట్టారు. ఏడో రోజుకు పిరుదుల మీద తగ్గింది, కానీ గజ్జల్లో కొత్తగా ఎరుపు మొదలైంది. తొమ్మిదో రోజుకు తొడ లోపలివైపు పొక్కులు. షాపులో అడిగితే ‘అన్నిటికీ పనిచేస్తుంది’ అంటూ ఒక ట్యూబు ఇచ్చారు. పదకొండో రోజుకు చర్మం దాదాపు మామూలైపోయింది. ‘తగ్గిపోయింది కదమ్మా, ఇంకా ఎందుకు రాయడం’ అని అమ్మమ్మ అనడంతో ఆపేశారు. పదిహేనో రోజుకు తిరిగి వచ్చింది, ఈసారి ముందుకంటే వెడల్పుగా.

ఇందులో వింత ఏమీ లేదు. యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా తగ్గించింది, ఆ ఖాళీలో ఈస్ట్ పెరిగింది. విరేచనాలు చర్మం పైపొరను తీసేసి దానికి దారి ఇచ్చాయి. జింక్ తన పని తాను చేసింది కాబట్టే పిరుదుల మీద ఎరుపు తగ్గింది. మడతలో ఉన్నది దాని పరిధిలోది కాదు. తొమ్మిదో రోజునే గజ్జలు విప్పి చూసి, యాంటీబయాటిక్ సంగతి చెప్పి డాక్టర్‌కు చూపించి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

పదకొండో రోజున చర్మం అంత చక్కగా కనిపించడానికి కారణం ఆ ట్యూబులోని స్టెరాయిడ్. మన షాపుల్లో దొరికే ‘త్రీ ఇన్ వన్’ పూతమందుల్లో ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందుతో పాటు బెక్లోమెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ వేగంగా అణిచేస్తుంది. కానీ ఫంగస్‌తో పోరాడాల్సిన చర్మపు ప్రతిఘటనను కూడా అదే అణిచేస్తుంది. మంట ఆరినట్టు కనిపిస్తుంది, ఫంగస్ మాత్రం కింద మిగిలే ఉంటుంది. పైగా డైపర్ అంటే చర్మం మీద బిగించిన ప్లాస్టిక్ మూత. మూత కింద మందు మామూలుకంటే బాగా ఎక్కువగానే ఒంట్లోకి ఇంకుతుంది. గజ్జల చర్మం అసలే పల్చన. వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, చారలు పడతాయి, ఒక్కోసారి గట్టి ఎర్రటి గడ్డలు లేస్తాయి. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించుకున్న పిల్లలూ ఉంటారు. చాలా స్టెరాయిడ్ పూతమందులను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ మీద ఆ నియమం ఎంత నిలుస్తోందో అందరికీ తెలిసిందే. ట్యూబు వెనక సన్నటి అక్షరాల్లో పేరు చివర ‘సోన్’ అనో, ‘సాల్’ అనో కనిపిస్తే డాక్టర్‌ను అడగకుండా పసిపిల్లల గజ్జల్లో రాయవద్దు. క్లోట్రిమజోల్, మైకోనజోల్ అని ‘జోల్’తో ముగిసేవి ఫంగస్ మందులు, వాటితో గందరగోళపడనక్కర్లేదు. డాక్టర్ కొన్నిసార్లు మంట మరీ ఎక్కువగా ఉంటే తేలికపాటి హైడ్రోకార్టిసోన్‌ను రెండు మూడు రోజులకు రాస్తారు, అది వేరే సంగతి.

ఈస్ట్ అని డాక్టర్ తేల్చాక వాడేది సాధారణంగా ఒక్క శాతం క్లోట్రిమజోల్ క్రీమ్, లేదా మైకోనజోల్, నిస్టాటిన్. ఇది చాలాసార్లు విఫలమయ్యేది రాసే వరుస తప్పడం వల్ల. ముందు గోరువెచ్చటి నీళ్లతో కడగాలి, మెత్తటి బట్టతో అద్దాలి, రుద్దకూడదు. మడతను విప్పి, లోపలి తడి ఆరే వరకు ఆగాలి. తర్వాత ఫంగస్ మందు పల్చగా. రెండు గజ్జలకు కలిపి శనగగింజంత చాలు, మచ్చ అంచు దాటి వేలెడు వెడల్పు అదనంగా రాయాలి, ఎందుకంటే చెదురు పొక్కులు ఉండేది అక్కడే. ఐదు నిమిషాలు ఇంకనిచ్చాక దాని మీద జింక్ మందంగా, గోడకు సున్నం వేసినట్టు. వరుస తలకిందులైతే మందు జింక్ మీదే ఆగిపోతుంది, చర్మాన్ని తాకదు. చాలా ఇళ్లలో ‘ఫంగస్ మందు వాడాం, తగ్గలేదు’ అనే మాట వెనక ఈ పొరపాటే ఉంటుంది.

ఫంగస్ మందు రోజుకు రెండు మూడుసార్లు సరిపోతుంది. మిగతాసార్లు డైపర్ మార్చినప్పుడు జింక్ మాత్రమే. ప్రతిసారీ పాత జింక్‌ను గీకి తీయాల్సిన పనిలేదు. మలం అంటిన పై పొరను మాత్రం తీసి మళ్లీ పూస్తే చాలు. ఫంగస్ మందు రాసే ముందు పూర్తిగా తీయాలంటే దూదికి కొబ్బరినూనె అద్ది మెల్లగా తుడవండి, నీళ్లతో రుద్దితే పుండవుతుంది. మందు మామూలుగా ఏడు నుంచి పద్నాలుగు రోజులు, డాక్టర్ చెప్పినంత కాలం వాడాలి. కంటికి పోయినట్టు కనిపించాక కూడా రెండు మూడు రోజులైనా కొనసాగించాలి. మన ఉదాహరణలో పాపకు పదకొండో రోజున ఆపిన తప్పు ఇదే.

ఇంత చేసినా తిరిగి వస్తుంటే ఫంగస్ ఎక్కడో నిల్వ ఉందని అనుకోవాలి. ముందు నోరు చూడండి. నాలుక మీద పాలచార తడిబట్టతో తుడిస్తే పోతుంది. బుగ్గల లోపల, చిగుళ్ల మీద తుడిచినా సులువుగా పోని తెల్లటి పూత, తీస్తే కింద ఎరుపు కనిపించేది ఈస్ట్ వల్ల వచ్చే నోటిపూత. తల్లిపాలు తాగే బిడ్డయితే తల్లి చనుమొనల్లో మంట, పొట్టు కూడా అడగాలి. బిడ్డ నోటికి, తల్లికి, గజ్జలకు ఒకేసారి మందు పడాలి. ఒకచోట వదిలేస్తే మిగతా రెండు చోట్లకు అక్కడి నుంచే చేరుతుంది.

గుడ్డ లంగోటీలు వాడే ఇళ్లలో వాటిని యాంటీసెప్టిక్ ద్రవంలో ముంచి ఆరేయడం అలవాటు. అది బట్టలో మిగిలిపోయి దెబ్బతిన్న చర్మాన్ని ఇంకా మండిస్తుంది. బోరు నీళ్ల ఉప్పదనంతో సబ్బు కూడా సరిగ్గా వదలదు. వేడినీళ్లలో ఉతికి, రెండుసార్లు జాడించి, ఎండలో ఆరేస్తే చాలు. ముసురు రోజుల్లో బాల్కనీలో అరకొరగా ఆరినవి మళ్లీ కట్టకూడదు. టాల్కం పౌడర్ సంగతి చెప్పనక్కర్లేదు, మడతలో ఉండకట్టడం తప్ప చేసే మేలు లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం కూడా. నలుగుపిండి తగ్గేదాకా గజ్జల దగ్గరికి రానివ్వకండి.

అన్ని ఎరుపులూ ఈస్ట్ కావు. మలద్వారం చుట్టూ మాత్రమే గీత గీసినట్టు ఎర్రగా ఉండి విరేచనం అవుతున్నప్పుడు పిల్ల ఏడిస్తే అది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల కావచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. మాడు మీద జిడ్డు పొట్టు కూడా ఉంటే సెబోరిక్ డెర్మటైటిస్ అనే చర్మవ్యాధి గుర్తుకు రావాలి. డైపర్ చోటుతో పాటు నోటి చుట్టూ, చేతి కాలి వేళ్ల దగ్గర కూడా పుండ్లు, ఆగని విరేచనాలు, జుట్టు రాలడం కనిపిస్తే జింక్ లోపం గురించి వెతకాలి. తల్లిపాలు మాన్పించిన కొద్ది వారాల్లో ఇది బయటపడటం తరచూ జరుగుతుంది. దానికి పైపూత జింక్ పనికిరాదు, నోటి ద్వారా ఇవ్వాల్సిందే.

నెలన్నర కూడా నిండని బిడ్డయినా, జ్వరం, చీము, నీటి బొబ్బలు ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఫంగస్ మందు సరైన వరుసలో వారం వాడినా మార్పు లేకపోతే కూడా అంతే. నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రిలోనో, చర్మ డాక్టర్ దగ్గరో అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఫంగస్ దారాలు, మొగ్గల్లాంటి కణాలు కనిపిస్తే నిర్ధారణ అక్కడికక్కడే. ఆ రోజు ఉదయం ఏ క్రీమూ రాయకుండా తీసుకెళ్లండి, వాడిన ట్యూబులన్నీ, ఖాళీ అయినవి సహా, సంచిలో వేసుకోండి.